పేరు ఆవిడనే అడగాల్సింది

సంక్రాంతికి రాజోలు వైపు మన సంఘం పెట్టించిన మంచినీళ్ల ప్లాంటు ప్రారంభోత్సవం మీద వాట్సాప్ గ్రూపులో ఎంత రచ్చ అయిందో అందరూ చూశారు. చివరికి అడ్మిన్లు గ్రూపుకి తాళం వేశారు. అక్కడ చెప్పలేకపోయినది ఇక్కడ రాస్తున్నాను.

ఆ ప్లాంటుకి డబ్బులో పెద్ద వాటా ఇచ్చినావిడ ఆ ఊరి ఆడపడుచే. మగపిల్లాడిగా పెరిగి, మనలాగే ఈ పరాయి దేశం వచ్చాక కొన్నేళ్లకి ఆడమనిషిగా బతకడం మొదలుపెట్టారు. ఆవిడ పేరు ఇక్కడ రాయడం లేదు, అడిగితే వద్దన్నారు. విరాళం ఫారంలో ఆవిడ తన ఇప్పటి పేరే రాశారు. శిలాఫలకం మీద మాత్రం పాత పేరు పెద్ద అక్షరాల్లో, ఇప్పటి పేరు పక్కన బ్రాకెట్లో పడింది. దీనికి కారణం తెలుసుకున్నాను. ప్రూఫ్ చూసిన మన కమిటీ పెద్దాయన "ఊళ్లో వాళ్లకి ఎవరో తెలియాలి కదండీ" అని ఆవిడ అన్నయ్యకి ఫోన్ చేశారు. ఆయన పాత పేరు చెప్పారు. ఆవిడకి మాత్రం ఎవరూ ఫోన్ చేయలేదు. మైకు పట్టుకున్న కుర్రాడు రాయి మీద ఉన్నది చదివి, అది చాలనట్టు "ఒకప్పుడు మనందరికీ ఫలానాగా తెలిసిన" అని ఇంకో ముక్క కలిపాడు. వెనక వరసలో నవ్వులు వినిపించాయి. ఆవిడ కుళాయి తిప్పి, ఫొటో దిగి, పనసపొట్టు కూర వడ్డిస్తుండగానే కారెక్కి వెళ్లిపోయారు.

పెద్దాయనకి చెడ్డ ఉద్దేశం లేదని గ్రూపులో చాలామంది రాశారు. నిజమే, లేదు. కానీ పేరు ఎవరిదో వాళ్లని అడగకుండా ఇంట్లో మగాళ్లని అడిగే అలవాటు మనకి బాగా ఉంది. మా దొడ్డమ్మ అంబాజీపేట కోడలిగా వెళ్లేసరికి అక్కడ అత్తగారిదీ అదే పేరట. పెళ్లి భోజనాలు అయ్యేలోపు ఆవిడ పేరు మార్చేశారు. కన్నతల్లి కూడా వియ్యంకుల ఎదుట కొత్త పేరుతోనే పిలవాల్సి వచ్చింది. అప్పుడు ఎవరూ "నోరు తిరగడం లేదండీ" అనలేదు. దత్తత వెళ్లినవాడికి ఇంటిపేరు, గోత్రం రెండూ మారితే పెళ్లి శుభలేఖలో కొత్తవే వేస్తాం. సన్యాసం పుచ్చుకున్న స్వామివారి పూర్వాశ్రమ నామం ఆయన ఎదుట ఎత్తడమే తప్పని చిన్నప్పుడే చెప్పి పెంచారు మనల్ని. అత్తగారో, గురువుగారో పెట్టిన పేరు ఒక పూటలో నోటికి వస్తుంది. మనిషి తనకు తాను పెట్టుకున్న పేరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరికీ మతిమరుపు వస్తుంది.

పేరుదేముందిలే అన్నవాళ్లకి ఒక్క మాట. 2022 మే 24న అమలాపురంలో జిల్లా పేరు గొడవలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. పేరు ఎంత బరువో మన డెల్టావాళ్లకి ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

ఆవిడ వాళ్ల మామ్మ సంగతి కూడా చెప్పాలి. ఎనభై దాటిన మనిషి. మొదట్లో ఏడ్చిందట, తిట్టిందట. ఇప్పుడు ఫోనెత్తగానే "ఒసేయ్, తిన్నావంటే?" అంటుంది. "ఒరేయ్" ఎప్పుడు పోయిందో ఇంట్లో ఎవరూ గమనించలేదు. కొత్త పేరు ఇప్పటికీ అప్పుడప్పుడు తడబడుతుందట గానీ, పిలుపు మాత్రం తప్పదు. తెలుగులో పేరొక్కటే మార్చి "వచ్చాడు, చెప్పాడు" అంటే పాత మనిషినే పిలిచినట్టు. వరస కూడా మారాలి, తమ్ముడన్న నోటితో చెల్లి అనాలి. ఏ వరస కలపాలో తెలియకపోతే "గారు" తగిలించి "వచ్చారు, చెప్పారు" అంటే ఇబ్బందే ఉండదు. "అండి" లేకుండా మాట పూర్తికాని ఊళ్లవాళ్లం, ఇది మనకి నేర్పాల్సిన పని కాదు.

నోరు జారడం వేరు. ముప్పై ఏళ్లు పిలిచిన పేరు ఒక్కోసారి వచ్చేస్తుంది. అప్పుడు సరైన పేరు ఒక్కసారి అని, మాట కొనసాగిస్తే చాలు. మొన్న జరిగిందేమిటంటే, మైకు కుర్రాడు ఫోన్ చేసి అరగంట సేపు బాధపడితే ఆవిడే అతన్ని ఓదార్చాల్సి వచ్చింది. ఇంకోటి, ఆవిడ చిన్ననాటి సంగతి చెప్పేటప్పుడు కూడా ఇప్పటి పేరే వాడాలి. "బళ్లో చదివేటప్పుడు ఆవిడ కబడ్డీ బాగా ఆడేవారు" అంటే కథకి ఏ లోటూ రాదు. పాత పేరు, పాత ఫొటో బయటపెట్టడం ఆవిడ ఇష్టం. "అసలు పేరేంటి?" అనీ, "ఆపరేషన్ అయిందా?" అనీ అడిగే హక్కు ఎవరికీ లేదు.

కాగితాల మాట గ్రూపులో కోశాధికారి గారు ఎత్తారు. ఆయన అన్నదాంట్లో సగం న్యాయం ఉంది. పన్ను మినహాయింపు రసీదు మీద పేరు దాత కాగితాలతో కలవాలి. ఇండియాలో కలెక్టర్ ఇచ్చే గుర్తింపు పత్రం ఆధారంగా మొదటి పేరు మార్చుకునే హక్కు 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టంలో ఉంది. ఇక్కడైతే కోర్టు ఆర్డరు తెచ్చుకుంటారు. ఆ తర్వాత పాస్‌పోర్టు, బ్యాంకు, ఊళ్లో పట్టాదారు పాసుపుస్తకం అన్నీ ఒకేసారి మారవు, కొన్నేళ్లు రెండు పేర్లూ నడుస్తాయి. అంతవరకు రసీదు మీద పాత పేరు ఉంటే ఉండనివ్వండి. రసీదు బీరువాలో ఉండేది, శిలాఫలకం రోడ్డు మీద ఉండేది. ఆ రాయి మార్చి, కొత్తది చెక్కే ముందు ప్రూఫ్ నేరుగా ఆవిడకే పంపమని కమిటీని వేడుకుంటున్నాను. ఖర్చు నేను పెట్టుకుంటాను.

ఇక మతం మారినవాళ్ల పేర్ల విషయం ఇంకో రకం. నరసాపురం వైపు క్రైస్తవ మిషన్ 1830ల్లోనే వచ్చింది. మన డెల్టాలో సర్టిఫికెట్లో ఒక పేరు, చర్చిలో ఇంకో పేరు ఉన్న ఇళ్లు ఎన్నో. కిందటేడు మన సావనీరులో ఒకాయన ఫొటో కింద రెండు పేర్లూ వేశాం. బాప్తిస్మం పేరు ఆయన నమ్మకంతో మనవాళ్లకి చెప్పుకున్నది. ఆ పేజీ ఫొటో తిరిగి తిరిగి ఊరు చేరింది, ఊళ్లో ఉన్న ఆయన తమ్ముడికి ఫోన్లు మొదలయ్యాయి. ఎందుకో తెలిసినవాళ్లకి తెలుసు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దాని సవరణల ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవారికే. చర్చి పేరు నలుగురిలో పడితే కుల సర్టిఫికెట్ మీద గొడవ లేస్తుంది. అదే చర్చిలో ఇంకొకాయన ఉన్నారు, ఆయనకి పాత పేరు వింటేనే కష్టం, రోడ్డు మీదైనా ఆఫీసులోనైనా బాప్తిస్మం పేరే కావాలి. ఇద్దరికీ ఒకే రూలు పెడితే ఒకరికి దెబ్బ తగులుతుంది. ఆ ఉత్తర్వు న్యాయమా కాదా అన్నది వేరే వ్యాసం.

అందుకని ఉగాది రిజిస్ట్రేషన్ ఫారంలో ఒక ప్రశ్న, ఒక గడి కలపమంటున్నాను. "మిమ్మల్ని వేదిక మీద ఏ పేరుతో పిలవాలి, పత్రికలో ఏ పేరు వేయాలి?" అన్నది ప్రశ్న. రసీదు పేరుకి గడి విడిగా ఉండాలి, దాన్ని కోశాధికారి తప్ప ఎవరూ చూడకూడదు. మొదటి ప్రశ్నకి జవాబు రాయనివాళ్లకి కమిటీ ఫోన్ చేయాలి, వాళ్లకే. అన్నయ్యలకి, బావగార్లకి, ఊరి పెద్దలకి కాదు. ఫారం వచ్చే వారం అచ్చుకి వెళ్తుందట. అభ్యంతరం ఉన్నవాళ్లు ఈలోపు కార్యదర్శికి రాయండి, కింద మీ పేరు పెట్టి రాయండి.