హెల్మెట్ తీస్తే కేసు పడుతుందా?

"యాక్సిడెంట్ అయినవాళ్ళని ముట్టుకోకండి! 1. మీరు సాయం చేస్తుంటే వాళ్ళకేమన్నా అయితే కేసు మీ మీదే. 2. పేరు, నంబరు ఇచ్చేదాకా పోలీసులు వదలరు. 3. చేర్చినవాళ్ళే ఆసుపత్రి బిల్లు కట్టాలి. 4. హెల్మెట్ ఎట్టి పరిస్థితుల్లోనూ తీయకూడదు, మెడ పోతుంది. 108కి ఫోన్ చేసి దూరంగా నిలబడండి."

ఈ వాట్సాప్ మెసేజ్ అపార్ట్‌మెంట్ గ్రూపులో మొదలై, పెళ్ళి గ్రూపు మీదుగా, చివరికి మా బావగారి దగ్గర్నుంచి కూడా వచ్చింది. ఆయన రోజూ బెజవాడ నుంచి గుంటూరుకు బండి మీద వెళ్ళే మనిషి. రేపు తను పడితే చుట్టూ ఉన్నవాళ్ళు ఇదే చదివి ఉండాలని ఆయన కోరికేమో.

మూడోది శుద్ధ అబద్ధం. ఇంటివాళ్ళో బంధువులో అయితే తప్ప, తీసుకొచ్చినవాళ్ళని ఆసుపత్రి డబ్బు అడగకూడదు, ఆపకూడదు. సుప్రీంకోర్టు 2016 మార్చి 30న ఆమోదించిన మార్గదర్శకాల్లోనే ఈ మాట ఉంది. రెండోదీ అంతే. 2020లో వచ్చిన నియమాల ప్రకారం పేరు చెప్పడం, చెప్పకపోవడం మీ ఇష్టం. సాక్షిగా ఉంటానని మీ అంతట మీరు ఒప్పుకుంటేనే విచారణ. స్టేషన్‌లో అందరూ ఆ నియమాలు చదివి ఉంటారని మాత్రం నేనూ అనను.

అసలు ప్రాణం తీసేది నాలుగో పాయింటు. కాజ టోల్‌ప్లాజా దగ్గర ఒక కుర్రాడు బండి మీంచి పడ్డాడనుకోండి. ముఖమంతా మూసే హెల్మెట్. పలకరిస్తే పలుకుతున్నాడు, ఊపిరి ఆడుతోంది. అప్పుడు హెల్మెట్ జోలికి పోవద్దు. అద్దం పైకెత్తి, తల కదలకుండా రెండు పక్కలా పట్టుకుని అంబులెన్స్ కోసం చూడాలి. ఇంతవరకు మెసేజ్ రాసినాయన చెప్పింది నిజమే, ఒప్పుకుంటున్నాను. ఆటోలోకి కాళ్ళూ చేతులూ పట్టి విసిరేసే మన అలవాటు కంటే అది నయం.

కానీ ఆ కుర్రాడు పలకడం లేదనుకోండి. అద్దం ఎత్తితే నోటినిండా రక్తం, గురగుర శబ్దం, ఛాతీ కదలడం లేదు. ఇప్పుడేం చేయాలి? "ఎట్టి పరిస్థితుల్లోనూ" అన్నారు కాబట్టి నిలబడి చూడాలి కాబోలు! గాలి అందకపోతే నాలుగైదు నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఆ తర్వాత మెడ ఎంత చక్కగా ఉన్నా ఏం లాభం?

తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు ఒక చేత్తో మెడ వెనక, ఇంకో చేత్తో దవడ పట్టుకుని తలను కదలనివ్వకూడదు. రెండోవాళ్ళు పట్టీ విప్పి, హెల్మెట్ అంచులు రెండు వైపులా విడదీసి, ముక్కుకు తగలకుండా కొద్దిగా వెనక్కి వాల్చి మెల్లగా లాగాలి. తర్వాత నోట్లో కనిపించే రక్తం తుడిచి, తలను వెనక్కి వంచకుండా కింది దవడను ముందుకు నెట్టి దారి తెరవాలి. పది సెకన్లు చూసినా ఊపిరి లేకపోతే, లేదా అప్పుడప్పుడు ఎగశ్వాస మాత్రమే ఉంటే, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ఊపిరి ఉండి వాంతి అవుతుంటే తల, మెడ, నడుము ఒకేసారి కదిలేలా పక్కకు తిప్పాలి.

ఇంత చేసినా మెడకు అప్పటికే ఉన్న దెబ్బ ముదిరి, ఆ కుర్రాడికి చెయ్యి పనిచేయకపోవచ్చు. ఇంటివాళ్ళు మీ మీద కేసు వేస్తే? మొదటి పాయింటు రాసినాయన మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 134ఎ సెక్షన్ చూడలేదు. మంచి మనసుతో, తనంతట తానుగా, ప్రతిఫలం ఆశించకుండా సాయం చేసిన వ్యక్తి మీద, గాయం పెరిగినా, మనిషి పోయినా, సివిల్ బాధ్యత గానీ క్రిమినల్ బాధ్యత గానీ ఉండదని అందులో ఉంది. అదీ సాయంలో నిర్లక్ష్యం వల్ల అయినా సరే అని స్పష్టంగా రాశారు. నేను చదివి ఆశ్చర్యపోయింది అక్కడే. పద్ధతి తెలియక హెల్మెట్ మోటుగా లాగినవాడికీ ఈ రక్షణ వర్తిస్తుంది. గుద్దిన డ్రైవరు ఆసుపత్రికి తీసుకెళ్ళినా, గుద్దిన నేరానికి మాత్రం ఇది గొడుగు పట్టదు.

మెసేజ్ వాళ్ళు అడగని లోటు ఒకటుంది. ఈ సెక్షన్ వాహన ప్రమాదాలకే. ఇంద్రకీలాద్రి మెట్ల మీద జారి పడినవాళ్ళకో, కట్టడం మీంచి పడిన కూలీకో సాయం చేస్తే ఇది పనికిరాదు. అక్కడ పాత భారత శిక్షాస్మృతిలోని 92, దాని స్థానంలో వచ్చిన ఇప్పటి భారతీయ న్యాయ సంహితలోని 30వ సెక్షన్ దిక్కు. స్పృహలేని మనిషి మేలు కోసం సద్భావంతో చేసిన పని నేరం కాదంటుంది. కాకపోతే తగిన జాగ్రత్త లేకుండా చేసిన పనిని ఆ స్మృతి సద్భావం కింద లెక్కేయదు. అంటే నిర్లక్ష్యానికి 134ఎ ఇచ్చినంత వెసులుబాటు అక్కడ లేదు.