‘నిబంధన’ అని రాసే ముందు... పెట్టిందెవరు?

ఎన్నారైలు ఇక్కడ స్థలాలు కొనడం గురించి వచ్చే కథనాల్లో ఒక వాక్యం తరచూ కనిపిస్తుంది: ‘రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం ఎన్నారైలు వ్యవసాయ భూమి కొనకూడదు.’ కొనకూడదన్నది నిజమే. కానీ ఆ నిబంధన ఇప్పుడు రిజర్వ్ బ్యాంక్‌ది కాదు.

విదేశీ మారక ద్రవ్య నిర్వహణ చట్టం (ఫెమా) 1999లో వచ్చింది. ఎన్నారైల ఆస్తి కొనుగోళ్లకు సంబంధించి దాని కింద మొదట ఉన్నవి రెగ్యులేషన్లు, అంటే రిజర్వ్ బ్యాంక్ స్వయంగా చేసినవి. 2019 అక్టోబరులో వాటిని తీసేసి, కేంద్ర ప్రభుత్వం ‘నాన్ డెట్ ఇన్‌స్ట్రుమెంట్స్ రూల్స్’ తెచ్చింది. వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్ కొనకూడదన్న పాత మాటే అందులోనూ ఉంది. కొనేవాళ్లకు పెద్ద తేడా కనిపించలేదు. అయితే రెగ్యులేషన్లు అన్నచోట రూల్స్ అన్న పేరు రావడంతోనే అధికారం రిజర్వ్ బ్యాంక్ చేతిలోంచి ఆర్థిక శాఖ చేతికి వెళ్లింది. రేపు దీన్ని సడలించాలన్నా, బిగించాలన్నా నోటిఫికేషన్ ఇవ్వాల్సింది కేంద్రమే. రెండింటినీ ‘నిబంధనలు’ అనే రాస్తే ఈ మార్పు పాఠకుడికి ఎప్పటికీ తెలియదు.

మన చట్టాల్లో చాలావరకు వాడుక ఇదే. చట్టం కింద ప్రభుత్వం చేసేది రూల్. ఆ చట్టం ఏర్పాటు చేసిన సంస్థ చేసేది రెగ్యులేషన్. ఎలా పోల్చుకోవాలో చూడాలంటే రియల్ ఎస్టేట్ రెగ్యులేషన్ చట్టం, అంటే రెరా చట్టం తెరిస్తే చాలు. 84వ సెక్షన్ ప్రభుత్వానికి రూల్స్ చేసే అధికారం ఇస్తుంది, 85వ సెక్షన్ రెరా అథారిటీకి రెగ్యులేషన్లు చేసే అధికారం ఇస్తుంది. ఆ రెగ్యులేషన్లు చట్టానికే కాదు, రూల్స్‌కు కూడా లోబడి ఉండాలని అక్కడే రాసి ఉంది. కాబట్టి రెండూ ఢీకొంటే నిలబడేది రూలే.

ఒక ఉదాహరణ చూద్దాం. బిల్డర్ ఫ్లాట్ ఆలస్యంగా ఇస్తే కొన్నవాళ్లకు వడ్డీ కట్టాలని 18వ సెక్షన్ చెబుతుంది. ఎంత వడ్డీ అన్నది మాత్రం ‘ప్రిస్క్రైబ్డ్’ రేటుకు వదిలేసింది. ఆ మాటకు చట్టమే అర్థం చెప్పింది: రూల్స్‌లో నిర్ణయించినది అని. అంటే తెలంగాణలో ఆ రేటు కోసం 2017 నాటి తెలంగాణ ప్రభుత్వ రూల్స్ చూడాలి, అథారిటీ వెబ్‌సైట్‌లోని సర్క్యులర్లు కాదు. ఇక ప్రాజెక్టు గురించి బిల్డర్ అథారిటీ వెబ్‌సైట్‌లో పెట్టాల్సిన అదనపు వివరాల దగ్గర 11వ సెక్షన్ ‘అథారిటీ రెగ్యులేషన్లలో పేర్కొన్నవి’ అంటుంది. ఒకే చట్టంలో కొన్ని సెక్షన్ల తేడాలో రెండు మాటలు, రెండు చిరునామాలు. వడ్డీ రేటు అన్యాయమని అథారిటీకి అర్జీ పెట్టుకుంటే దాన్ని మార్చే అధికారం దానికి లేదు. ‘రెరా నిబంధన’ అని రాసిన వార్త చదివి, కొన్నవాళ్లు అనవసరంగా ఆ ఆఫీసు చుట్టూ తిరుగుతారు. అందుకే ఈ తేడా నాకు చిన్న విషయంగా అనిపించదు.

రెగ్యులేషన్ అంటే తక్కువ స్థాయిది, పట్టించుకోకపోయినా ఫర్వాలేదు అనుకోవడం ఇంకో పొరపాటు. యూజీసీ రెగ్యులేషన్లను మన దగ్గర తరచూ ‘మార్గదర్శకాలు’ అని రాస్తారు. కేరళలో అబ్దుల్ కలాం సాంకేతిక విశ్వవిద్యాలయం వీసీ నియామకాన్ని 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. సెర్చ్ కమిటీ మూడు నుంచి ఐదు పేర్లతో జాబితా ఇవ్వాలని యూజీసీ రెగ్యులేషన్ చెబుతుండగా, కమిటీ ఒకే పేరు పంపింది. రాష్ట్ర చట్టం ఏం చెప్పినా యూజీసీ రెగ్యులేషనే చెల్లుతుందని కోర్టు తేల్చింది. ఉత్త మార్గదర్శకమే అయితే దాన్ని పాటించలేదన్న ఒక్క కారణంతో వీసీ పదవి పోవడం కష్టం.

అలాగని పేరు చూసి మాత్రమే నమ్మడానికీ లేదు. 2021లో సోషల్ మీడియా సంస్థలకు, డిజిటల్ వార్తా సంస్థలకు కేంద్రం తెచ్చిన వాటి పేరులో ‘గైడ్‌లైన్స్’ ఉంది, ‘కోడ్’ ఉంది, చివర ‘రూల్స్’ ఉంది. ఐటీ చట్టం 87వ సెక్షన్ కింద ప్రభుత్వం చేసినవి కాబట్టి అవి రూల్సే. ‘కొత్త మార్గదర్శకాలు’ అని శీర్షిక పెడితే తప్పు. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టమైతే, రూల్‌గా చేసిన రెగ్యులేషన్ కూడా రూల్ కిందికే వస్తుందంటుంది. అందుకే నోటిఫికేషన్ మొదటి పేరా చదవాలి. ఏ చట్టం, ఏ సెక్షన్ ఇచ్చిన అధికారంతో ఎవరు జారీ చేస్తున్నారో అక్కడే ఉంటుంది.

ప్రభుత్వం చేసినదైతే ‘నిబంధన’ అనే రాయొచ్చు. సంస్థ చేసినదైతే ‘రెగ్యులేషన్’ అనే ఉంచి, పక్కన ఆ సంస్థ పేరు రాయడం మంచిదని నా అభిప్రాయం. దాన్ని ‘నియంత్రణ’ అంటే అజమాయిషీ చేసే పని అన్న అర్థం వస్తుంది. రెరా చట్టం పేరులో ఉన్న రెగ్యులేషన్‌కు అది సరిపోతుంది కానీ, 85వ సెక్షన్‌లోని దానికి సరిపోదు.