చదవడం అయిపోయాక ఆ ఫొటోతో పనేముంది?

ఫారంలో పేరు, పుట్టిన తేదీ, కార్డు నంబరు, గడువు తేదీ నింపాలి. పక్కనే ఒక బటన్ ఉంటుంది: గుర్తింపు కార్డు స్కాన్ అప్‌లోడ్ చేస్తే వివరాలు వాటంతటవే పడతాయని. సౌకర్యమే, కాదనను. పొడవాటి నంబరు చూసి టైపు చేసేటప్పుడు ఒక అంకె అటూ ఇటూ కావడం ఎవరికైనా జరిగేదే. కానీ ఫారం అడిగింది నాలుగు గళ్లు, మనం ఇచ్చింది కార్డు మొత్తం. అందులో ముఖం ఉంది, సంతకం ఉంది, చాలా కార్డుల్లో అడ్రసు కూడా ఉంటుంది. స్కాన్‌తో ఉన్న పని కొన్ని సెకన్లది. ఆ తర్వాత కూడా ఆ ఫైల్ ఎందుకు ఉండాలో కారణం చెప్పలేని వాళ్లు దాన్ని ఉంచుకోకూడదన్నది నా వాదన. అయితే చెరిపేయాలంటే ముందు చదివింది సరిగ్గా ఉందన్న నమ్మకం కుదరాలి. అందుకే అక్కడి నుంచే మొదలుపెడదాం.

పాస్‌పోర్టుల మీద, అనేక దేశాల గుర్తింపు కార్డుల మీద కింది భాగంలో బాణం గుర్తులతో నిండిన వరుసలు కనిపిస్తాయి. మెషీన్ చదవడానికి వేసినవి అవి. పాస్‌పోర్టులో 44 అక్షరాల వరుసలు 2, కార్డు సైజులో అయితే 30 అక్షరాల వరుసలు 3. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ తన 9303 నంబరు పత్రంలో దీని నియమాలు పెట్టింది. ఆ పత్రంలోని నమూనా కార్డు ఇలా ఉంటుంది. ఇది లేని దేశపు, లేని మనిషి కార్డు కాబట్టి నిర్భయంగా వాడుకోవచ్చు.

```
I<UTOD231458907<<<<<<<<<<<<<<<
7408122F1204159UTO<<<<<<<<<<<6
ERIKSSON<<ANNA<MARIA<<<<<<<<<<
```

మొదటి వరుసలో D23145890 కార్డు నంబరు. దాని వెంటే ఉన్న 7 నంబరులో భాగం కాదు, నంబరును సరిచూసే అంకె. అది ఎలా వచ్చిందో చూస్తే మిగతా కథ అర్థమవుతుంది. A అంటే 10, B అంటే 11, ఇలా వరసగా Z వరకు 35. ఒక్కో అక్షరం విలువను 7, 3, 1 తో, మళ్లీ 7, 3, 1 తో గుణించి అన్నీ కూడాలి. ఆ మొత్తంలో చివరి అంకే సరిచూసే అంకె.

```
13×7 + 2×3 + 3×1 + 1×7 + 4×3 + 5×1 + 8×7 + 9×3 + 0×1 = 207
```

207లో చివరి అంకె 7. కార్డు మీద ఉన్నదీ 7. సరిపోయింది. పుట్టిన తేదీకి, గడువు తేదీకి కూడా ఇలాంటి అంకె విడివిడిగా ఉంటుంది. రెండో వరుస చివర్లో ఉన్న 6 ఈ అంకెల గళ్లన్నిటినీ కలిపి సరిచూస్తుంది. పేరుకు మాత్రం ఇలాంటి కాపలా ఏదీ లేదు.

ఈ లెక్క సరిపోగానే చాలా ఫారాలు ఆకుపచ్చ టిక్ చూపిస్తాయి, నంబరు సరైనదే అన్నట్టు. నాకు అభ్యంతరం అక్కడే. ఒక్క అంకె మరో అంకెగా మారితే ఈ లెక్క తప్పకుండా పట్టుకుంటుంది. సున్నాను O గా చదివినా, 8ని B గా చదివినా పట్టుకుంటుంది. కానీ విలువల మధ్య తేడా సరిగ్గా 10 గానో 20 గానో ఉంటే దానికి కనబడదు. G విలువ 16. అంటే 6ని G గా చదివితే లెక్క ఏమీ మారదు, టిక్ పడుతుంది. మసకగా తీసిన ఫొటోలో ఈ రెండూ ఎంత దగ్గరగా కనిపిస్తాయో చూసినవాళ్లకు తెలుసు. L విలువ 21. ఓసీఆర్ అంటే బొమ్మలోని అక్షరాలను చదివే ప్రోగ్రామ్. మామూలు పుస్తకాలు చదివే ఓసీఆర్ ఇంజిన్‌ను ఈ వరుసల మీద వాడితే 1ని చిన్న ఎల్ గా చదవడం, తర్వాత ఎవరో రాసిన ప్రోగ్రామ్ అన్నీ పెద్దక్షరాలుగా మార్చడం జరుగుతాయి. మన నమూనాలో D23145890 కాస్తా D23L45890 అవుతుంది. మొత్తం 207 బదులు 347 వస్తుంది. చివరి అంకె అదే 7. అన్నిటినీ కలిపి చూసే ఆ చివరి 6 కూడా ఇదే పద్ధతిలో లెక్కిస్తుంది కాబట్టి దానికీ దొరకదు.

కాబట్టి ఇంజిన్‌కు ముందే చెప్పాలి: ఇక్కడ ఉండేవి పెద్దక్షరాలు, అంకెలు, బాణం గుర్తు మాత్రమేనని. ఆ దేశపు కార్డు నంబరులో ఏ స్థానంలో అక్షరం, ఏ స్థానంలో అంకె రావాలో తెలిస్తే ఆ నియమమూ పెట్టాలి. ఆ పైన, చదివిన నంబరును ఆ వరుస ఫొటో పక్కనే చూపించి, కార్డు గలవాళ్లనే సరిచూడమనాలి. కార్డు చేతిలో ఉన్న మనిషి కంటికి మించిన పరీక్ష ఇక్కడ లేదు. పేరుకైతే ఇది తప్పనిసరి. పొడవాటి పేరును ఆ వరుసలో పట్టక కత్తిరిస్తారు, వేరే లిపి పేరును ఇంగ్లిష్ అక్షరాల్లోకి మారుస్తారు. ఆ వరుసను చదివి ఫారంలో పెడితే సగం పేరు అధికారిక పేరుగా స్థిరపడిపోతుంది. పుట్టిన సంవత్సరం కూడా 74 అని రెండంకెలే ఉంటుంది. ఇంకో కార్డులో 12 అని ఉంటే 2012లో పుట్టిన పిల్లవాడా, 1912లో పుట్టిన పెద్దాయనా అన్నది ఆ వరుస చెప్పదు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేయాలి. లెక్క సరిపోవడం అంటే కార్డు అసలైనది అని కాదు. ఆ లెక్క ఎవరైనా కాగితం మీద చేయగలరు, మనం ఇప్పుడే చేశాం.

సరే, చదివాం, మనిషి చూసి ఒప్పుకున్నారు. ఇప్పుడు ఆ ఫొటో ఎక్కడెక్కడ ఉంది? ఫోన్ గ్యాలరీలో ఒకటి. గ్యాలరీ ఆన్‌లైన్‌లో బ్యాకప్ అవుతుంటే అక్కడ ఇంకొకటి. సర్వర్ తాత్కాలిక ఫోల్డర్లో ఒకటి. ఓసీఆర్ పని బయటి సంస్థకు అప్పగిస్తే వాళ్ల దగ్గర ఒకటి. ఇవి చాలామంది ఊహించేవే. ఊహించనివి అక్షరాల రూపంలో ఉంటాయి. నంబరు చెల్లలేదనుకోండి, "D23145890 చెల్లదు" అని ప్రోగ్రామ్ ఎర్రర్ రాస్తుంది. ఆ ఎర్రర్, ప్రోగ్రామ్ జరిగినవన్నీ రాసుకునే చిట్టా అయిన లాగ్‌లోకి పోతుంది. డేటాబేస్‌ను తాళం వేసి కాపాడే సంస్థలోనే లాగ్‌లను మాత్రం సపోర్ట్ చేసే కుర్రాడి నుంచి కాంట్రాక్టు డెవలపర్ వరకు అందరూ తెరుస్తారు. నంబరును వెబ్ అడ్రసులో పెట్టి పంపితే సర్వర్ రికార్డులోనూ, బ్రౌజర్ హిస్టరీలోనూ మిగిలిపోతుంది. దొంగ ఎవరూ రానక్కర్లేదు, రోజువారీ పనిలోనే నంబరు పది చోట్లకు పాకుతుంది.

మరి నంబరు దాచి పంపితే సరిపోదా అని అడుగుతారు. సరిపోయే విధంగా దాచేవాళ్లు తక్కువ. కార్డు పైభాగంలో నంబరు మీద నల్లగీత గీస్తారు, కింది వరుసల్లో అదే నంబరు పూర్తిగా ఉంటుంది. అదే కార్డు మీద బార్‌కోడ్ ఉంటే అందులోనూ ఉండొచ్చు. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లో చాలాసార్లు బొమ్మ వెనక ఓసీఆర్ చదివిన అక్షరాల పొర ఉంటుంది. పైన నల్ల డబ్బా పెట్టినా, ఆ చోట మౌస్‌తో లాగి కాపీ చేస్తే నంబరు చక్కగా వచ్చేస్తుంది. అంకెలను మసకబార్చడం అయితే నేను ఎవరికీ సలహా ఇవ్వను. ఉండేది పదే అంకెలు, అక్షరాల ఆకారం ముందే తెలిసిన ఫాంట్. ఒక్కో అంకెనూ అలాగే మసకబార్చి పోల్చుకుంటూ పోతే అసలు నంబరు బయటపడే అవకాశం ఉంది. దాచాలంటే ఆ భాగాన్ని పూర్తిగా ఒకే రంగుతో నింపి, కొత్త బొమ్మగా సేవ్ చేయాలి. ఫోన్ ఫొటోలో తీసిన చోటు వివరాలు కూడా దాగి ఉండొచ్చు కాబట్టి వాటినీ తీసేయాలి.

సంస్థల వైపు కూడా ఇలాంటి తృప్తే ఒకటి ఉంది: "మేం నంబరు ఉంచుకోం, హ్యాష్ మాత్రమే ఉంచుకుంటాం" అని. హ్యాష్ అంటే నంబరు నుంచి లెక్కగట్టిన, నేరుగా వెనక్కి తిప్పలేని కోడ్. ఒకే మనిషి రెండుసార్లు నమోదు కాకుండా చూడటానికి ఇది అవసరం కావచ్చు. కానీ 9 అంకెల నంబరుకు వీలున్న కలయికలు 100 కోట్లు మాత్రమే. మనుషులకు అది పెద్ద సంఖ్య, కంప్యూటర్‌కు కాదు. మామూలు హ్యాష్ అయితే 100 కోట్లకూ లెక్కగట్టి పోల్చుకోవడం చిన్న పని. వేరే చోట భద్రంగా ఉంచిన రహస్య తాళం చెవి కలిపి హ్యాష్ చేస్తేనే దానికి అర్థం ఉంది.

ఇదంతా ఒక్క నంబరు కోసం అతి జాగ్రత్త అనిపించవచ్చు. కానీ చిప్ ఉన్న పాస్‌పోర్టుల్లో వాడే ఒక పాత రక్షణ పద్ధతిలో చిప్‌ను తెరిచే తాళం చెవి తయారయ్యేది మూడు వివరాల నుంచే: పత్రం నంబరు, పుట్టిన తేదీ, గడువు తేదీ. చిప్ దగ్గరకు రీడర్ రావాలి, నిజమే. అయినా ఫారంలో మనం తేలిగ్గా నింపించే గళ్లలో ఆ మూడూ ఉన్నాయి. పైగా పాస్‌వర్డ్ బయటపడితే ఇవాళే మార్చుకోవచ్చు. పుట్టిన తేదీ మార్చుకోలేం. కొన్ని చోట్ల ఆ నంబరు కూడా జీవితాంతం ఒకటే. పోగొట్టిన సంస్థ క్షమాపణ మెయిల్ పంపి ఊరుకుంటుంది, టెన్షన్ మాత్రం కార్డు గలవాళ్లదే.

కార్డు కాపీ కొంతకాలం ఉంచాలని చట్టం చెప్పే పనులు ఉన్నాయి. బ్యాంకు ఖాతా లాంటివి. అక్కడ ఉంచండి. కానీ ఏ నియమం కింద, ఎంతకాలం అన్నది అప్‌లోడ్ బటన్ పక్కనే రాయండి. మిగతా చోట్ల "రేపు ఏదైనా గొడవ వస్తే చూసుకోవడానికి" అని ఉంచడాన్ని నేను కారణంగా ఒప్పుకోను. మనిషి సరిచూసి ఒప్పుకున్నారన్న ఒక్క వాక్యం, తేదీతో సహా రికార్డులో ఉంటే ఆ అవసరం చాలావరకు తీరుతుంది.

ఏ సంస్థ అయినా తన పరిస్థితి తెలుసుకోవాలంటే ఖరీదైన ఆడిట్ కోసం ఆగనక్కర్లేదు. పైన ఇచ్చిన నమూనా కార్డును ప్రింట్ తీసి, ఫోన్‌తో ఫొటో కొట్టి, మీ ఫారంలోనే అప్‌లోడ్ చేయండి. ఒకసారి సరిగ్గా నింపండి, ఒకసారి కావాలని తప్పు తేదీ పెట్టి ఎర్రర్ తెప్పించండి. మర్నాడు డేటాబేస్‌లో, లాగ్‌లలో, ఎర్రర్ రిపోర్టుల్లో, తాత్కాలిక ఫోల్డర్లలో, ఆటోమేటిక్‌గా వెళ్లిన మెయిళ్లలో D23145890 అని వెతకండి. అక్షరాల వెతుకులాటకు బొమ్మలు దొరకవు కాబట్టి, అప్‌లోడ్ చేసిన సమయానికి పుట్టిన ఫైళ్లను విడిగా చూడండి. ఫారం రికార్డులో తప్ప ఇంకెక్కడ కనిపించినా ఆ చోటు పేరు, దాన్ని తెరవగలిగే వాళ్ల పేర్లు, అది చెరిగే తేదీ ఒక కాగితం మీద రాయండి. చెరిగే తేదీ గడి ఖాళీగా మిగిలిన చోట్లను ముందు సరిచేయండి.