ఎన్ని లింకులు, ఎవరికి లింకులు

తెలుగు వార్తా పోర్టళ్లలో లింకులకు కొదవ లేదు. రెండు పేరాలకు ఒకసారి ‘ఇవీ చదవండి’ ఎదురవుతుంది. మధ్యలో ‘సుప్రీంకోర్టు’ అన్న మాట నీలిరంగులో కనిపిస్తుంది. తీర్పు చదవొచ్చని నొక్కితే, అదే పోర్టల్ సుప్రీంకోర్టు వార్తలన్నీ పోగేసిన పేజీ తెరుచుకుంటుంది. వ్యాసంలో చెప్పినదానికి ఆధారం చూపే బయటి లింకు మాత్రం చాలాసార్లు ఒక్కటీ ఉండదు. ఇది పాఠకుడికి చేస్తున్న అన్యాయం.

మరి ఎన్ని ఉండాలి? వెయ్యి పదాలకు మూడని ఒకరు, అయిదని మరొకరు చెబుతుంటారు. ఈ లెక్కలకు పునాది లేదు. వ్యాసం పొడవుకూ లింకుల సంఖ్యకూ సంబంధం లేదు. లెక్కపెట్టాల్సింది పదాలను కాదు, పాఠకుడు నమ్మి ఒక పని చేయబోయే వాక్యాలను. ఏ వాక్యం తప్పయితే అతనికి నష్టం జరుగుతుందో, ఏ వాక్యం దగ్గర ‘నిజమేనా?’ అన్న సందేహం వస్తుందో అక్కడ లింకు కావాలి. మిగతా చోట్ల అక్కర్లేదు. హైదరాబాద్ తెలంగాణ రాజధాని అన్న మాటకు ఆధారం ఎవరూ అడగరు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ‘పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో కూతురికి వాటా ఉందా?’ అని వ్యాసం రాస్తున్నాం. అందులో ముప్ఫై, నలభై వాక్యాలుంటాయి. కీలకమైనవి నాలుగే. ఒకటి, హిందూ వారసత్వ చట్టాన్ని 2005లో సవరించి, ఆ ఏడాది సెప్టెంబరు 9 నుంచి కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చారు. రెండు, ఆ తేదీ నాటికి తండ్రి జీవించి ఉండాల్సిన అవసరం లేదని వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తేల్చింది. మూడు, 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు దస్తావేజు ద్వారా గానీ కోర్టు డిక్రీ ద్వారా గానీ జరిగిన పంపకాలను ఈ సవరణ కదిలించదు. నాలుగు, ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన రాష్ట్ర సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచే ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి హక్కు ఇచ్చింది. అయితే ఆ తేదీకి ముందు పెళ్లయిన కూతుళ్లకు అది వర్తించలేదు.

ఈ నాలుగింటికీ ఆధారం చూపాలి. కానీ లింకులు మూడు చాలు. మొదటిదీ మూడోదీ చట్టంలోని 6వ సెక్షన్‌లోనే ఉన్నాయి కాబట్టి కేంద్ర ప్రభుత్వ చట్టాల సైటు ఇండియా కోడ్‌లోని ఒక్క పేజీ రెండింటికీ సరిపోతుంది. రెండోదానికి తీర్పు, నాలుగోదానికి రాష్ట్ర సవరణ చట్టం. నాలుగో లింకు పెట్టాలనిపిస్తే నన్ను నేను ఒక ప్రశ్న వేసుకుంటాను: ఇది తీసేస్తే ఏ వాక్యం నిరాధారంగా మిగులుతుంది? జవాబు లేకపోతే ఆ లింకు అనవసరం.

ఇక ఎవరికి లింకు ఇవ్వాలన్నది. ఇదే విషయం వెతికితే ముందు వార్తాకథనాలు, న్యాయవాదుల బ్లాగులు వస్తాయి. వాటిలో ఒక ప్రమాదం ఉంది. 2015లో ప్రకాశ్ వర్సెస్ ఫూలవతి కేసులో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం, 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉంటేనే కూతురికి హక్కు అని చెప్పింది. ఆ తీర్పు మీద అప్పుడు రాసిన కథనాలు రాసిన రోజుకు సరైనవే. 2020లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. పాత కథనాలు మాత్రం ఇంటర్నెట్లో అలాగే ఉన్నాయి. పెద్ద పత్రికే కదా అని అలాంటిదానికి లింకు ఇస్తే, 2003లో తండ్రి చనిపోయిన మహిళ తనకు వాటా లేదనుకుని ఊరుకుంటుంది. ప్రచురణ సంస్థ పేరు చూసి లింకు ఇవ్వడంలో ఉన్న లోపం ఇదే. పేరు ఎంత పెద్దదైనా, ఆ పేజీ ఏ తేదీది, ఆ తర్వాత పరిస్థితి మారిందా అన్నది విడిగా చూసుకోవాల్సిందే.

కాబట్టి నా నియమం సూటిగా ఉంటుంది. మాట ఎక్కడ పుట్టిందో అక్కడికి లింకు ఇవ్వాలి. చట్టమైతే చట్టం, తీర్పైతే తీర్పు, వడ్డీ రేటైతే రిజర్వు బ్యాంకు ప్రకటన. ఒక పత్రిక సొంతంగా శోధించి బయటపెట్టిన విషయమైతే ఆ పత్రికే మూలం. దానిని చూసి తిరగరాసిన పది సైట్లు కావు. ఈ మర్యాద మన దగ్గర బొత్తిగా లోపించింది. మరో సంస్థ విలేకరి నెలలపాటు కష్టపడి తెచ్చిన వార్తను ‘మీడియా కథనాల ప్రకారం’ అని రాసి వదిలేయడం దొంగతనానికి దగ్గరి పని.

మూలానికి లింకు ఇచ్చినంత మాత్రాన పని అయిపోదు. వినీతా శర్మ తీర్పు ఇంగ్లీషులో నూరు పేజీలు దాటిన పీడీఎఫ్. మొదటి పేజీ దగ్గర వదిలేస్తే తెలుగు పాఠకుడు వెనక్కి వచ్చేస్తాడు. నిర్ణయం 129వ పేరాలో ఉందని పక్కనే రాయాలి, దాని సారం తెలుగులో చెప్పాలి. పీడీఎఫ్ చిరునామా చివర `#page=` అని చేర్చి పేజీ సంఖ్య ఇస్తే చాలా బ్రౌజర్లలో నేరుగా ఆ పేజీయే తెరుచుకుంటుంది. లింకును ‘ఇక్కడ క్లిక్ చేయండి’ మీద కాకుండా ‘తండ్రి జీవించి ఉండాల్సిన అవసరం లేదు’ అన్న మాటల మీదే పెడితే, అది దేనికి ఆధారమో నొక్కకముందే తెలుస్తుంది.

బయటికి లింకులిస్తే గూగుల్ వెతుకులాటలో మన పేజీ బలం తగ్గిపోతుందన్న భయం సంపాదకుల్లో ఇంకా ఉంది. పేజీలకు విలువ కట్టడానికి గూగుల్ వాడిన 1998 నాటి పేజ్‌ర్యాంక్ పద్ధతిలో ఒక పేజీ తన విలువను అందులోని లింకులకు పంచుతుంది. భయం పుట్టింది అక్కడి నుంచే. ఆ విలువను దాచుకోవాలని కొందరు లింకులకు, దీనికి విలువ పంచొద్దని గూగుల్‌కు చెప్పే `rel="nofollow"` గుర్తు తగిలించారు. అలా చేసినా ఆ వాటా మిగిలిన లింకులకు చేరదని గూగుల్ 2009లోనే స్పష్టం చేసింది. డబ్బు తీసుకుని ఇచ్చిన లింకు సంగతి వేరు. దానికి 2019 నుంచి `rel="sponsored"` అన్న గుర్తు ఉంది, అది పెట్టి తీరాలి. అది ప్రకటన అని పాఠకుడికి మాటల్లోనూ చెప్పాలి.

లింకు నిలవడం మరో సమస్య. 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ల తర్వాత అందుబాటులో లేవని అమెరికా పరిశోధన సంస్థ ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో తేల్చింది. ప్రభుత్వ సైట్లను నమ్ముకోవచ్చనుకోవడానికీ లేదు. 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవోలను ఆన్‌లైన్‌లో అందరికీ అందుబాటులో ఉంచే పాత పద్ధతిని నిలిపేసింది. అందుకే లింకు ఇచ్చిన రోజే ఆ పేజీని, వెబ్ పేజీల నకళ్లు దాచే సైటు వేబ్యాక్ మెషీన్‌లో భద్రపరచి, ఆ చిరునామాను దగ్గర ఉంచుకోవాలి. జీవో అయితే సంఖ్య, తేదీ, శాఖ వ్యాసంలోనే రాయాలి. లింకు పోయినా వాటితో వెతుక్కోవచ్చు.

2015 నాటి కథనాలు ప్రచురించిన పోర్టళ్లు చేయగలిగిన పని కూడా ఒకటుంది. పాత కథనాన్ని తొలగించనక్కర్లేదు. దాని పైభాగంలో రెండు వాక్యాలు చాలు: ఈ తీర్పును సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తోసిపుచ్చిందని, కొత్త తీర్పు ఫలానా చోట ఉందని. రెండో వాక్యంలో ఒక లింకు.