8085 డిలే లూప్: ఒక్క లైను ఫార్ములా ఎక్కడెక్కడ తప్పుతుంది

"8085లో డిలే చాలా సింపుల్. లూప్‌లో ఉన్న టీ-స్టేట్లను కౌంట్‌తో గుణించి, క్రిస్టల్ ఫ్రీక్వెన్సీతో భాగించండి, అంతే. లూప్ బయట ఉన్న ఇన్‌స్ట్రక్షన్లను వదిలేయొచ్చు. పెద్ద డిలే కావాలంటే DCR C తీసేసి DCX B పెట్టండి, కింద JNZ అలాగే ఉంచండి. ఈ లెక్క ఏ కిట్ మీదైనా ఒకటే."

ల్యాబ్ పరీక్షలు దగ్గరపడితే చాలు, ఈ నాలుగు మాటలు చేతులు మారుతూ రికార్డు పుస్తకాల్లోకి ఎక్కేస్తాయి. వీటిని నమ్మి రాసిన ప్రోగ్రాం కిట్ మీద మొండికేస్తే, పిల్లలు వైర్లు పీకి మళ్లీ పెడతారు, కిట్ మారుస్తారు, కానీ లెక్కను మాత్రం అనుమానించరు. నాకు బాధ కలిగించేది అదే. అందుకే ఒక్కో మాట తీసుకుని, అసలు చిప్ ఏం చేస్తుందో చెబుతాను. ఉదాహరణకు 6.144 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉన్న కిట్ మీద 100 మిల్లీసెకండ్ల డిలే రాద్దాం.

మొదటి మాట క్రిస్టల్ గురించి. 8085 లోపల క్రిస్టల్ ఫ్రీక్వెన్సీని సగం చేసే సర్క్యూట్ ఉంది. 1, 2 పిన్ల మధ్య 6.144 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ పెడితే ప్రాసెసర్ నడిచేది 3.072 మెగాహెర్ట్జ్ మీద. 37వ పిన్‌ మీద బయటికి వచ్చే క్లాక్ కూడా ఆ సగమే. నమ్మకం కుదరకపోతే అక్కడ స్కోప్ ప్రోబ్ పెట్టి చూడండి. టీ-స్టేట్ అంటే ఈ సగమైన క్లాక్‌లో ఒక పీరియడ్, అంటే 0.3255 మైక్రోసెకండ్లు. 100 మిల్లీసెకండ్లకు 3,07,200 టీ-స్టేట్లు కావాలి. క్రిస్టల్ విలువతోనే లెక్క కడితే 6,14,400 వస్తాయి, అప్పుడు డిలే 200 మిల్లీసెకండ్లవుతుంది. ఈ తప్పును పట్టుకోవడం తేలిక. మీరు అనుకున్న డిలేకు అటూ ఇటూ కాకుండా సరిగ్గా రెట్టింపు వస్తే, ఇంకెక్కడా వెతకక్కర్లేదు.

ఇక DCX దగ్గరికి వద్దాం. నాలుగింటిలో ఎక్కువ నష్టం చేసేది ఈ మాటే. DCR C ఎనిమిది బిట్ల రిజిస్టర్‌లోంచి ఒకటి తగ్గించి, ఫలితం సున్నా అయితే జీరో ఫ్లాగ్‌ను సెట్ చేస్తుంది. DCX B కూడా BC జతలోంచి ఒకటి తగ్గిస్తుంది, కానీ జీరో ఫ్లాగ్ జోలికే పోదు. దాని వెంటనే JNZ పెడితే, అది చూసేది BC సున్నా అయిందా లేదా అని కాదు. ఎప్పుడో అంతకుముందు జరిగిన లెక్క వదిలి వెళ్లిన పాత ఫ్లాగ్‌ను చూస్తుంది.

అందువల్ల ఒకే సబ్‌రొటీన్ రెండు రకాలుగా చెడుతుంది. డిలేను పిలిచే ముందు XRA A లాంటిది నడిచి జీరో ఫ్లాగ్ సెట్ అయి ఉందనుకోండి. లూప్ ఒక్కసారి తిరిగి బయటికి వచ్చేస్తుంది. CALL, RET కలుపుకున్నా 51 టీ-స్టేట్లు, అంటే 17 మైక్రోసెకండ్లలోపే పని అయిపోతుంది. ఎల్‌ఈడీలన్నీ ఒకేసారి వెలిగినట్టు కనిపిస్తాయి. జీరో ఫ్లాగ్ క్లియర్ అయి ఉంటే లూప్ ఎప్పటికీ ఆగదు, మొదటి ఎల్‌ఈడీ వెలిగి కిట్ అక్కడే బిగుసుకుపోతుంది. ఒకే కోడ్ ఒకరి ప్రోగ్రాంలో పరిగెత్తి, పక్కవాళ్ల ప్రోగ్రాంలో హ్యాంగ్ అయితే కిట్‌ను నిందించకండి, DCX కింద ఏముందో చూడండి.

సరైన పద్ధతి ఇది. తగ్గించిన తర్వాత C ని A లోకి తెచ్చి, B తో OR చేయాలి. రెండు బైట్లూ సున్నా అయినప్పుడే ఫలితం సున్నా అవుతుంది, జీరో ఫ్లాగ్ నిజం చెబుతుంది.

```
DELAY: LXI B,3200H   ; 10
LOOP:  DCX B         ; 6
       MOV A,C       ; 4
       ORA B         ; 4
       JNZ LOOP      ; 10/7
       RET           ; 10
```

లూప్ ఒక చుట్టుకు 6+4+4+10, మొత్తం 24 టీ-స్టేట్లు. 3,07,200 ని 24తో భాగిస్తే 12,800 సరిగ్గా వస్తుంది. హెక్స్‌లో అది 3200H.

కానీ ఇక్కడ ఇంకో గొయ్యి ఉంది. ఈ సబ్‌రొటీన్ A ని పాడు చేస్తుంది. బయటికి వచ్చేసరికి A లో ఎప్పుడూ సున్నాయే ఉంటుంది, ఎందుకంటే అది సున్నా అయితేనే లూప్ ఆగుతుంది. రన్నింగ్ ఎల్‌ఈడీ ప్రోగ్రాంలో A లో 01H పెట్టి, OUT చేసి, డిలే పిలిచి, RLC చేసి మళ్లీ OUT చేస్తారు కదా. మొదటి ఎల్‌ఈడీ వెలిగి ఆరిపోతుంది, ఆ తర్వాత ఏదీ వెలగదు. సున్నాను ఎంత తిప్పినా సున్నాయే. ఒక బ్యాచ్‌లో ఇద్దరు అమ్మాయిలు రెండు గంటలు పోర్టు కేబుల్ మార్చుతూ కూర్చున్నారు. సింగిల్ స్టెప్‌లో డిలే దాటాక A విలువ చూడమన్నాను. 00 చూడగానే వాళ్లకే అర్థమైంది. మందు ఏమిటంటే, డిలే మొదట్లో PUSH PSW, RET కు ముందు POP PSW పెట్టాలి. వీటికి 12, 10 కలిపి 22 టీ-స్టేట్లు అదనం.

లూప్ బయట ఉన్నవాటిని వదిలేయొచ్చన్న మాట సగం నిజం. ఎప్పుడు నిజమో చెప్పకుండా అనడం వల్లే చిక్కు. పై రొటీన్‌లో అసలు మొత్తం కట్టి చూడండి. CALL కు 18, LXI కి 10, RET కు 10. JNZ వెనక్కి దూకినప్పుడు 10 తీసుకుంటుంది, దూకనప్పుడు రెండో అడ్రస్ బైట్‌ను చదవకుండానే ముందుకు పోతుంది కాబట్టి 7 చాలు. అంటే చివరి చుట్టులో 3 తగ్గుతాయి. మొత్తం 24×12,800 కి 35 కలపాలి, 3,07,235. PUSH, POP కూడా ఉంటే 3,07,257. డిలే 100.02 మిల్లీసెకండ్లు. ఎల్‌ఈడీకి ఈ తేడా పట్టదు, నిజమే.

అదే ఫార్ములాతో 100 మైక్రోసెకండ్లు రాయండి. ఇప్పుడు చిన్న లూప్ చాలు: MVI C, DCR C, JNZ. చుట్టుకు 4+10, పద్నాలుగు. కావలసినవి 307 టీ-స్టేట్లు, 14తో భాగిస్తే దాదాపు 22. ఇప్పుడు బయటివి కలపండి. CALL 18, MVI 7, RET 10, చివరి చుట్టులో తగ్గే 3 పోను 32. మొత్తం 340, అంటే 110.7 మైక్రోసెకండ్లు. పదిశాతం పైనే తప్పు. సీరియల్ డేటాను ఒక్కో బిట్ చొప్పున సాఫ్ట్‌వేర్‌తో పంపేటప్పుడు ఈ తప్పు బిట్ బిట్‌కూ పేరుకుంటుంది, బైట్ చివరికి వచ్చేసరికి పక్క బిట్‌ను చదవాల్సి వస్తుంది. సరిగ్గా చేయాలంటే ముందు 32 తీసేసి మిగతాదాన్ని భాగించాలి. 19 పెడితే మొత్తం 298, ఇంకా 9 తక్కువ. RET కు ముందు రెండు NOP లు పెడితే ఒక్కోటి 4 చొప్పున 306 అవుతుంది, అంటే 99.6 మైక్రోసెకండ్లు. ఇలా భాగహారం తేల్చని చిన్న ముక్కలను NOP లతో పూడ్చుకోవాలి.

టీ-స్టేట్ల పట్టిక కూడా ఏ చిప్‌దో చూసుకోండి. 8080 పట్టికలో DCR కు 5, DCX కు 5, MOV కు 5 ఉంటాయి. విచిత్రమేమిటంటే, పై పెద్ద లూప్‌ను 8080 పట్టికతో లెక్కేసినా 5+5+4+10, మళ్లీ 24 వస్తుంది. తప్పు పట్టిక అని తెలియదు. అదే పట్టికతో చిన్న లూప్ లెక్కేస్తే 14కు బదులు 15 వచ్చి బయటపడుతుంది.

చివరి మాట, ఏ కిట్ అయినా ఒకటే అన్నది. క్రిస్టల్ 6 మెగాహెర్ట్జ్ అయితే క్లాక్ 3 మెగాహెర్ట్జ్, మన 100 మిల్లీసెకండ్లు 102.4 అవుతాయి. అది పెద్ద మార్పు కాదు. వెయిట్ స్టేట్లు ఉన్న కిట్‌లో మాత్రం మార్పు పెద్దది. మెమరీ నెమ్మదిగా ఉంటే బోర్డు మీది సర్క్యూట్ రెడీ పిన్‌ను కిందికి లాగి ప్రాసెసర్‌ను ఆపుతుంది, ప్రతి మెమరీ యాక్సెస్‌కూ ఒక టీ-స్టేట్ అదనంగా పడుతుంది. మన లూప్ ఒక చుట్టులో మెమరీని ఆరుసార్లు చదువుతుంది: DCX, MOV, ORA లకు ఒక్కోసారి, మూడు బైట్ల JNZ కు మూడుసార్లు. 24 కాస్తా 30 అవుతుంది. కోడ్‌లో అక్షరం మారకపోయినా డిలే పావు వంతు పెరిగి 125 మిల్లీసెకండ్లవుతుంది. ఇంటరప్ట్ వస్తే దాని సర్వీస్ రొటీన్ తినే సమయమంతా కూడా డిలేలోనే కలుస్తుంది, అది ముందుగా లెక్కకు అందదు.

కాబట్టి లెక్క కట్టాక కొలవాలి. ఎస్‌ఓడీ పిన్, అంటే 4వ పిన్, దీనికి పోర్టు చిప్ కూడా అక్కర్లేదు.

```
START: MVI A,0C0H
       SIM
       CALL DELAY
       MVI A,40H
       SIM
       CALL DELAY
       JMP START
```

స్కోప్‌లో 100 మిల్లీసెకండ్లు పైన, 100 కింద కనబడాలి. స్కోప్ లేకపోతే, 4వ పిన్‌కు బఫర్ ద్వారా ఎల్‌ఈడీ కలిపి, ప్రతి CALL DELAY చోటా D రిజిస్టర్‌తో పదిసార్లు పిలిచే చిన్న లూప్ పెట్టండి. మన డిలే D ని ముట్టదు. ఇప్పుడు ఒక సెకండ్ వెలుగు, ఒక సెకండ్ చీకటి. చేతి గడియారం పట్టుకుని 30 మెరుపులు లెక్కపెట్టండి. 60 సెకండ్లు పడితే లెక్క సరే. 120 పడితే క్రిస్టల్‌ను సగం చేయడం మర్చిపోయారు. 75 పడితే మీ కిట్ మెమరీ ప్రతి యాక్సెస్‌కూ ఒక వెయిట్ స్టేట్ పెడుతోంది, కౌంట్‌ను 12,800 నుంచి 10,240 కి, అంటే 2800H కి తగ్గించి మళ్లీ గడియారం చూడండి.