సెల్లార్‌లో సిగ్నల్ ఎవరి పూచీ?

హన్మకొండ రోడ్డు మీద 5జీ పరుగులు పెడుతుంది. అదే ఫోను అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగగానే యూపీఐ చక్రం గిర్రున తిరుగుతూనే ఉంటుంది. జనం సిమ్ మారుస్తారు, ఫోను మారుస్తారు. చాలాసార్లు తప్పు గోడలది.

ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటికి సెట్టింగ్స్‌లోని About phone కింద SIM status అని ఉంటుంది. అందులో సిగ్నల్ బలం dBm అంకెల్లో కనబడుతుంది. ఒక ఐదంతస్తుల భవనంలో గేటు బయట -85, సెల్లార్ మూలన -118 వచ్చిందనుకుందాం. పది అంకెలు దిగితే సిగ్నల్ పదోవంతుకు పడిపోతుంది. ముప్ఫై మూడు దిగిందంటే, సెల్లార్‌కు చేరింది దాదాపు రెండు వేలో వంతు. లిఫ్టు తలుపు మూశాక అదీ ఉండదు. అది ఇనుప పెట్టె కాబట్టి ఐదో అంతస్తులో ఉన్నా అంతే.

ఒక గీత కనిపిస్తున్నా డబ్బు వెళ్లకపోవడం ఇంకో తమాషా. టవరు పదుల వాట్లతో మాట్లాడుతుంది, ఫోను మాత్రం వాట్‌లో అయిదో వంతుతో బదులివ్వాలి. టవరు మాట మనకు వినబడుతుంది, మన మాట దానికి చేరదు. అరిచి అరిచి ఫోను వేడెక్కుతుంది, బ్యాటరీ కరిగిపోతుంది. పాత వరంగల్‌లోని మందపాటి గోడల ఇళ్లలో కిటికీ పక్కన ఫోను పలికేదీ, గది మధ్యలో మూగబోయేదీ ఇందుకే. 3500 మెగాహెర్ట్జ్ 5జీ తరంగాలు గోడ దాటడంలో 900 కంటే బలహీనం. కొన్నిచోట్ల ఫోనును 4జీకి మారిస్తే పని జరుగుతుంది.

ఆన్‌లైన్‌లో దొరికే సిగ్నల్ బూస్టర్ల జోలికి మాత్రం పోవద్దు. అనుమతి లేకుండా పెట్టడం నేరం. పైగా అవి టవరు చెవిలో రొద పోస్తే చుట్టుపక్కల వీధుల కాల్స్ తెగిపోతాయి. బ్రాడ్‌బ్యాండ్ నుంచి కేబుల్ లాగి సెల్లార్‌లో వైఫై పెట్టుకోవడం, ఫోన్లలో వైఫై కాలింగ్ ఆన్ చేసుకోవడం దీనికంటే నయం. ఆ రౌటర్‌కు యూపీఎస్ తప్పనిసరి. లిఫ్టు ఆగేది కరెంటు పోయినప్పుడే కదా!

అసలు పని ప్లాను దశలోనే జరగాలి. అన్ని కంపెనీలూ పంచుకునేలా లోపలి యాంటెన్నాలకు పైపులు, చోటు వదలాలి. భవనాలకు డిజిటల్ కనెక్టివిటీ రేటింగ్ ఇచ్చే నిబంధనలను టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024లో తెచ్చింది, కానీ అది ఐచ్ఛికం. సెల్లార్ ఉన్న ప్రతి కొత్త భవనానికీ ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చేముందు నగరపాలక సంస్థ లోపలి సిగ్నల్ కొలవాలని మేం కోరుతున్నాం. ఇప్పటికే ఉన్న లిఫ్టుల్లో బ్యాటరీతో నడిచే వైరు ఇంటర్‌కమ్ బిగించాలి. నెలకోసారి మెయిన్ ఆపి, లోపలి నుంచి మీట నొక్కి, వాచ్‌మన్ దగ్గర మోగిందో లేదో అసోసియేషన్ వాళ్లే చూసుకోవాలి.