‘మనం చూడొచ్చు’ అనే హక్కు

చూస్తున్నదాన్ని చూస్తున్నామని చెప్పే హక్కు మనలో ప్రతి ఒక్కరికీ ఉంది. వాన పడుతుంటే కిటికీ దగ్గర నిలబడి ‘వాన పడుతోంది’ అని ఇంటిల్లిపాదికీ చెప్పే తాతయ్యను ఎవరూ తప్పుపట్టరు. అదే పనిని ఇరవై రెండేళ్లుగా జీతానికి చేస్తున్న నన్ను మాత్రం మొన్న ఒక ఎడిటర్ అమ్మాయి నిలదీసింది. కాబట్టి మా వృత్తి పరువు కోసం ఈ నాలుగు ముక్కలు రాయక తప్పడం లేదు.

నేను డాక్యుమెంటరీలకూ, టీవీలో ప్యాకేజీలనే చిన్న కథనాలకూ వాయిస్ ఓవర్ రాస్తాను. మనుషులు కెమెరా ముందు మాట్లాడేది బైట్. ఒక బైటుకీ ఇంకో బైటుకీ మధ్య వచ్చే చేతులు, వీధులు, మేకలు, సూర్యాస్తమయాలు అన్నీ కలిపి బీ రోల్. మావాళ్లు ‘విజువల్స్’ అని సరిపెట్టేస్తారు. వాటి మీద మాటలు పరచడం నా పని. డబ్బులు మాటకింత అని లెక్కగట్టి ఇస్తారు. ఈ పద్ధతి నా శైలి మీద ప్రభావం చూపిందని గిట్టనివాళ్లు అంటారు.

తెలుగులో గొప్పగా వర్ణించడాన్ని ‘కళ్లకు కట్టినట్టు చెప్పడం’ అంటారు. కళ్ల ముందే ఉన్నదాన్ని తీసుకొచ్చి మళ్లీ కళ్లకు కట్టడం అంతకంటే కష్టమైన విద్య. అందులో నాకు సాటి లేరని నా నమ్మకం.

గొడవ పోచంపల్లి చీర దగ్గర మొదలైంది. రెండు నిమిషాల ప్యాకేజీ. అందులో పన్నెండు సెకన్ల షాట్ ఒకటి ఉంది. ఒకావిడ కింద కూర్చుని ఆసు పోస్తోంది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా: ఇక్కత్ చీరకి దారాన్ని నేయకముందే రంగుల్లో ముంచాలి. అంతకంటే ముందు, అర్ధచంద్రాకారంలో మేకులున్న చట్రం మీద ఆ దారాన్ని వరసగా పరవాలి. ఒక చివర ఉన్న మేకు నుంచి వంపులో ఉన్న మేకుల దాకా దారం పట్టుకుని చెయ్యి వెళ్తుంది, వస్తుంది. మళ్లీ వెళ్తుంది. అదే ఆసు పోయడం. ఆ షాట్ మీద నేను రాసింది ఇది:

‘ఇదిగో, ఇక్కడ ఒక మహిళ నేలమీద కూర్చుని, తన కుడి చేత్తో, మేకులు బిగించిన చెక్క చట్రం చుట్టూ, తెల్లని దారాన్ని అటూ ఇటూ తిప్పుతూ ఉండటం మనం చూడొచ్చు.’

ఇరవై రెండు మాటలు. తెలుగు నెరేషన్ వినేవాడికి అందాలంటే సెకనుకి రెండు మాటల దగ్గర ఆపుకోవాలని నా అనుభవం, ఎందుకంటే మన మాటలు పొడుగు. ఆ లెక్కన పదకొండు సెకన్లు. పన్నెండు సెకన్ల షాట్‌కి కొలిచి కుట్టించిన జాకెట్టులా సరిపోయింది. మిగిలిన ఒక్క సెకనులో ‘ప్రియమైన వీక్షకులారా’ కూడా పట్టేది.

ఎడిటర్ అమ్మాయి ఏం చేసిందంటే, సౌండ్ పూర్తిగా తీసేసి షాట్ ప్లే చేసింది. ఆఫీస్ బాయ్‌ని పిలిచి “ఏం కనిపిస్తోందో చెప్పు” అంది. వాడు “ఒకామె కింద కూర్చుని, మేకుల చుట్టూ తెల్ల దారం అటూ ఇటూ తిప్పుతోంది మేడమ్” అన్నాడు. ఆ అమ్మాయి నా వైపు తిరిగి “సార్, మీ స్క్రిప్ట్ వాడు ఫ్రీగా చెప్పేశాడు” అంది.

నేను వ్యాకరణాన్ని ఆశ్రయించాను. అదీ నన్ను కాపాడలేదు. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది కదా. నా వాక్యంలో ‘తిప్పుతూ’ అన్నది పంతొమ్మిదో మాట. అంటే చూసేవాడి కన్ను మొదటి సెకనులోనే పట్టేసిన సంగతిని నా క్రియాపదం దాదాపు పదో సెకనులో, ఆయాసపడుతూ మోసుకొచ్చిందన్నమాట. పైగా ఎడిటింగ్‌లో ఆ షాట్‌ని ఎనిమిది సెకన్లకు కోస్తే నా క్రియ పక్క షాట్‌లో పడుతుంది. ఆ పక్క షాట్ మేక. ‘దారాన్ని అటూ ఇటూ తిప్పుతూ ఉండటం’ అనేసరికి తెర మీద మేక నెమరేస్తూ ఉంటుంది. ఇలాంటివి నా కెరీర్‌లో రెండు మూడు జరిగాయి. అప్పట్లో జనం వాటిని కవిత్వం అనుకున్నారు.

“మరి వంటింట్లో ఉండి టీవీ వినేవాళ్లో?” అన్నాను. ఇది నా బ్రహ్మాస్త్రం. మన ఇళ్లలో సగం మంది టీవీని చూడరు, పోపు వేస్తూ వింటారు. వాళ్లకి బొమ్మ ఎవరు చెప్పాలి? రేడియోలో కామెంటరీ చెప్పేవాళ్లు బంతి ఎటు పోయిందో చెప్పబట్టే కదా మనకి మైదానం కనిపించేది?

“రేడియోలో బొమ్మ లేదు సార్, అందుకని చెప్పారు. చూపు లేనివాళ్ల కోసం వర్ణన చెప్పడానికి వేరే ట్రాక్ ఉంటుంది, దాన్ని మాటల మధ్య ఖాళీల్లో విడిగా రికార్డు చేస్తారు. అది వేరే పని. ఇక వంటింట్లో ఉన్నావిడ అంటారా, ‘ఒక మహిళ దారం తిప్పుతోంది’ అంటే ఆవిడ గరిటె దించదు” అంది.

అవమానం దిగమింగి రెండో స్క్రిప్ట్ రాశాను. కనిపించేది చెప్పొద్దన్నారు కాబట్టి, కనిపించనివన్నీ చెప్పాను. అదే షాట్ మీద: ‘1951 ఏప్రిల్ 18న ఆచార్య వినోబా భావే భూదానోద్యమానికి శ్రీకారం చుట్టిన చారిత్రక గ్రామం ఇది. వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు...’ ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. పోచంపల్లి మీద ఏ ప్యాకేజీ వచ్చినా నేను వాడే పేరా అది. చీర మీదైనా, చెరువు మీదైనా, సర్పంచ్ ఎన్నికల మీదైనా దిగుతుంది.

ఆఫీస్ బాయ్‌కి సౌండ్‌తో చూపించింది. “ఎన్ని ఎకరాలు?” అని అడిగింది. వాడికి తెలియదు. “ఆమె ఏం చేస్తోంది?” అంటే తల గోక్కున్నాడు. కన్ను చేతి మీద, చెవి వినోబా మీద, బుర్ర రెండింటి మధ్యలో. రెంటికీ చెడిన రేవడి అంటారే, అది నా వీక్షకుడు. కంటికీ చెవికీ పోటీ పెడితే కన్నే గెలుస్తుందనీ, నా నూరెకరాలు ఊరికే దానంగా పోయాయనీ ఆ అమ్మాయి తేల్చింది.

మూడో స్క్రిప్ట్ తనే రాసింది. నా ఎదురుగా, నా కుర్చీలో కూర్చుని. అదే షాట్ మీద:

‘ఒక్క చీరకి, ఈ చెయ్యి ఇలా తొమ్మిది వేల సార్లు వెళ్లి రావాలి.’

అంతే. పది మాటలు, ఐదు సెకన్లు. మిగిలిన ఏడు సెకన్లలో ఏమీ లేదు! ఆసు పోసేటప్పుడు దారం మేకుకి తగిలే చిన్న చప్పుడు, వెనక ఎక్కడో మగ్గం టకటక. నేను కొంచెం సేపు ఊపిరి కూడా తీసుకోలేదు, ఏదో టెక్నికల్ ప్రాబ్లమ్ అనుకుని. ఆ ఏడు సెకన్లలో ఆఫీస్ బాయ్ పెదాలు కదులుతున్నాయి. వాడు ఆ చెయ్యి ఎన్నిసార్లు వెళ్లొస్తోందో లెక్కపెడుతున్నాడు. నాలుగు దాకా వచ్చి “తొమ్మిది వేలా!” అన్నాడు. నా ఇరవై రెండేళ్ల సర్వీసులో వాడు నా స్క్రిప్ట్ విని నోరు తెరిచింది ఆవలించడానికే.

ఇందులో నన్ను బాధపెట్టిన విషయం ఒకటుంది. ఆ వాక్యంలో వర్ణన అనేదే లేదు. మహిళ లేదు, నేల లేదు, చట్రం లేదు, తెలుపు లేదు. ‘ఈ’, ‘ఇలా’ అని రెండు చిన్న మాటలు పెట్టి బొమ్మ వైపు వేలు చూపించి ఊరుకుంది. నేను ఇరవై రెండు మాటల్లో మోసిన బరువంతా ఆ రెండు మాటలు మోశాయి. ఆ తర్వాత కెమెరాకి ఎప్పటికీ దొరకని అంకె చెప్పింది. కెమెరా నాలుగు సార్లు చూపించగలదు, తొమ్మిది వేలు చూపించలేదు. చేతికి దాదాపు నాలుగైదు గంటల పని అది, ప్యాకేజీ రెండు నిమిషాలు.

ఆ పైన మగ్గం షాట్. నేత కార్మికుడు నేస్తున్నాడు, డిజైన్ ఒక్కో వరసా పైకి తేలుతోంది. నేను ‘మగ్గంపై రూపుదిద్దుకుంటున్న అద్భుత డిజైన్’ అని రాశాను. ఎవరైనా అలాగే రాస్తారు, కళ్లకి అలాగే కనిపిస్తుంది కాబట్టి. ఆ అమ్మాయి రాసింది: ‘ఈ డిజైన్ మగ్గం మీద పుట్టలేదు. రంగులు అద్దినప్పుడే దారంలో ఉంది. ఇక్కడ వాటి అంచులు కలుపుతున్నారు.’ అంటే నా వాక్యం వర్ణన మాత్రమే కాదు, తప్పు కూడా అట. బొమ్మ అబద్ధమాడితే నేను దానికి సాక్ష్యం చెప్పానట!

ఒక్కచోట మాత్రం నేను దొరకబుచ్చుకున్నాను. దారాల కట్ట క్లోజప్ మీద తను ఇలా రాసింది: ‘దారానికి బిగించి చుట్టినవి పాత సైకిల్ ట్యూబు ముక్కలు. వీటి కిందికి రంగు పోదు.’ “చూశావా, నువ్వూ కనిపించేదే చెప్పావు!” అన్నాను, కోర్టులో లాయరు లేచినట్టు లేచి. “కనిపిస్తుంది సార్, ఏంటో తెలియదు. ఆ నల్ల ముక్కల్ని చూసి సైకిల్ ట్యూబు అని ఎవరు పోల్చుకుంటారు? తెలియనిదానికి పేరు చెప్పాలి. చెయ్యిని చెయ్యి అని చెప్పక్కర్లేదు” అంది. ఈ తేడా నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. కానీ మళ్లీ ఆఫీస్ బాయ్‌ని పిలుస్తుందేమోనని కూర్చున్నాను.

చివరి షాట్ ఆసు యంత్రం. మోటారు తిరుగుతోంది, దారం దానంతటదే మేకులెక్కుతోంది. పక్కన ఒకావిడ కూర్చుని ఉంది. నేను రాసుకొచ్చింది ‘ఆధునిక యంత్రం సహాయంతో శరవేగంగా సాగుతున్న ప్రక్రియను ఈ దృశ్యంలో మనం చూడొచ్చు’. తను రాసింది: ‘అమ్మ భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం 1999లో పూర్తి చేసిన యంత్రం. పేరు కూడా ఆమెదే. లక్ష్మి.’ అక్కడ మాట ఆపేసి, పక్కన కూర్చున్నావిడ ఒళ్లో పెట్టుకున్న చేతుల మీదికి కట్ చేసింది. ఆ షాట్ మీద ఒక్క మాట లేదు. ఆ యంత్రం చేసినందుకు ఆయనకి పద్మశ్రీ వచ్చిన సంవత్సరం, 2017, వేద్దామన్నాను. “బైట్‌లో ఆయన పేరు కింద వేద్దాం సార్, ఇక్కడ చేతులు చూడనివ్వండి” అంది. చూస్తే ఆ చేతులు ఊరికే ఉన్నాయి. కాసేపటి కిందటే తొమ్మిది వేలు విన్నాక, ఊరికే ఉన్న చేతుల్ని చూస్తుంటే నాకే ఏదోలా అయింది. ఇలాంటి భావోద్వేగాలను నేనైతే ‘హృదయాలను కదిలించే దృశ్యం’ అని నేరుగా చెప్పి వీక్షకుడికి శ్రమ తగ్గించేవాణ్ణి.

ప్యాకేజీ వెళ్లిపోయింది. నా స్క్రిప్ట్‌లో ఉన్న రెండు వందల చిల్లర మాటల్లో తొంభై మిగిలాయి. మాటకింత లెక్కన బిల్లు వేస్తే ఇంటద్దెలో సగం కూడా రాలేదు. అందుకని బిల్లు అడుగున ఇంకో పద్దు చేర్చాను: ‘ఆసు షాట్ మీద మౌనం, ఏడు సెకన్లు. యంత్రం షాట్ తర్వాత చేతుల మీద మౌనం, నాలుగు సెకన్లు.’ అకౌంట్స్ సెక్షన్ నుంచి నిన్న ఫోన్ వచ్చింది. మౌనానికి రేటు ఎంతో వాళ్ల ఫైల్లో ఎక్కడా లేదట, జీఎస్టీ ఎంత పడుతుందో కనుక్కుని చెబుతామన్నారు.